ఒక బోర్డు, రెండు లిపులు: షాపు బోర్డు మీద తెలుగు ఎందుకు చిన్నగా కనిపిస్తుంది

ఎపిసోడ్ విన్నవాళ్లకి సగం సంగతి తెలిసిందే. కానీ మాటల్లో చెప్తే ఎగిరిపోయే కొలతలు కొన్ని ఉన్నాయి, అవి కాగితం మీద పెడితేనే అర్థమవుతాయి. అందుకే ఇది రాస్తున్నా. మనలో చాలామంది గల్ఫ్‌లో ఏళ్ల తరబడి పనిచేసి, ఊళ్లో రోడ్డు మీద రెండు షట్టర్లు కట్టి, ఒకదాంట్లో తమ్ముడితోనో బావమరిదితోనో షాపు పెట్టిస్తారు. ఒకరోజు వాట్సాప్‌లో బోర్డు డిజైన్ వస్తుంది. "అన్నా, ఓకేనా?" అని అడుగుతారు. మనం లంచ్ బ్రేక్‌లో చూసి బొటనవేలు గుర్తు పెట్టేస్తాం. ఆ బోర్డు మీద ఇంగ్లీషు రోడ్డు అవతలి నుంచి కూడా కనిపిస్తుంది, తెలుగు చదవాలంటే మాత్రం షట్టర్ దగ్గరికి రావాలి. ఎవరూ కావాలని అలా చేయరు. అది ఎలా జరుగుతుందో, ఎప్పటి నుంచి జరుగుతోందో చెప్పడమే ఈ వ్యాసం పని.

ఒక అంతస్తు ఇల్లు, మూడంతస్తుల ఇల్లు

నేను ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేశాను. ఆ ట్రేడ్‌లో మొదట నేర్పేది అక్షరాలు రాయడం. గళ్లు గీసి, ఏడు గళ్ల ఎత్తు, నాలుగు గళ్ల వెడల్పులో ఇంగ్లీషు పెద్దక్షరాలు రాయిస్తారు. పైన ఒక గీత, కింద ఒక గీత, అక్షరం మొత్తం ఆ రెండింటి మధ్యే. గీత దాటి పైకీ పోదు, కిందికీ దిగదు. మన సైటు భాషలో చెప్పాలంటే ఇంగ్లీషు పెద్దక్షరాల వరుస అంటే ఒకే అంతస్తు ఇళ్ల వరుస. అన్నిటి స్లాబు లెవెల్ ఒక్కటే.

తెలుగు అలా కాదు. అక్షరం అసలు ఒళ్లు గ్రౌండ్ ఫ్లోర్ అనుకోండి. గుడి, ఏత్వం, ఓత్వం, పొల్లు, ఇవన్నీ పై అంతస్తులో ఉంటాయి. ఒత్తులు సెల్లార్‌లో ఉంటాయి. "లత" అని రాస్తే పైన తలకట్టు తప్ప ఏమీ లేదు, కింద అసలేమీ లేదు. "శ్రీ" అని రాస్తే పైన గుడి దీర్ఘం, కింద ర ఒత్తు, మూడు అంతస్తులూ నిండిపోతాయి. "లక్ష్మీ"లో రెండో అక్షరం కూడా అంతే, పైన గుడి దీర్ఘం, కింద మ ఒత్తు. మన షాపుల పేర్లు ఎలా మొదలవుతాయో మీకు తెలుసు. శ్రీ లేకుండా బోర్డు దొరకడం కష్టం. ఆ తర్వాత లక్ష్మో, వేంకటేశ్వరో, సరస్వతో వస్తారు. ఆ తర్వాత "స్టోర్స్", "వస్త్రాలయం", "మెడికల్స్" లాంటి మాట వస్తుంది. అంటే ఒత్తులు లేని షాపు పేరు అరుదు. బోర్డు మీద తెలుగు వరుసకి మూడంతస్తుల చోటు తప్పదు.

మోటుగా లెక్క వేద్దాం. గుడి పైకొస నుంచి ఒత్తు కిందికొస దాకా మొత్తం ఎత్తుని నాలుగు భాగాలు చేస్తే, పైన ఒక భాగం, కింద ఒక భాగం పోయి, నడుమ అక్షరం ఒంటికి మిగిలేది రెండు భాగాలు. అంటే సగం. మనం దూరం నుంచి పేరు పోల్చుకునేది ముఖ్యంగా ఆ ఒంటిని చూసే. ఇంగ్లీషు వరుసకి 10 అంగుళాల చోటిస్తే అక్షరం 10 అంగుళాలు ఉంటుంది. అదే 10 అంగుళాలు తెలుగుకిస్తే ఒళ్లు 5 అంగుళాలే ఉంటుంది. చోటు సమానం, చూపు సమానం కాదు. మిగతా కథంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది.

దీనికి ఇంకొకటి తోడవుతుంది. తెలుగులో ఒక అక్షరాన్ని ఇంకో అక్షరం నుంచి వేరు చేసే గుర్తు చాలా చిన్నది. ర లో చుక్క పెడితే ఠ. ద కింద చిన్న గీత పడితే ధ, ఆ ధ లోపల చుక్క పడితే థ. ప కి, వ కి తేడా పైన ఒక చిన్న సందు. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఇంత సన్నని తేడాలు తక్కువ. కాబట్టి తెలుగు చిన్నదైన కొద్దీ ముందు మాయమయ్యేది ఈ చుక్కలు, సందులే. "ధనలక్ష్మి" కాస్త "దనలక్ష్మి" అయిపోతుంది.

కుంచె కాలం

తెలుగు నేలంతా ఒకే చరిత్ర కాదు. నిజాం రాజ్యంలో ఉర్దూ అధికార భాష. మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్న జిల్లాల్లో ప్రభుత్వం పని ఇంగ్లీషులో నడిచింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, 1966లో అధికార భాషల చట్టం వచ్చింది. హైదరాబాద్ పాత బజార్లలో ఇప్పటికీ ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ ఒకే బోర్డు మీద కనిపించడానికి కారణం ఈ చరిత్రే. ఎక్కడైనా సరే, ఫ్లెక్స్ రాకముందు బోర్డు రాసింది పెయింటరే. ఊళ్లో గోడ ప్రకటన, లారీ వెనక రాత, బడి పేరు, షాపు బోర్డు అన్నీ ఆయన చేతి పనే. బోర్డు కింది మూలలో ఫలానా "ఆర్ట్స్" అని చిన్నగా సంతకం ఉండేది.

పని ఎలా సాగేదో చూడండి. చెక్క ఫ్రేముకి రేకు కొట్టి, తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ వేసి, దానిమీద ఎనామిల్ రంగు రెండు కోట్లు. అది ఆరాక సుద్ద పట్టించిన దారం లాగి కొట్టి గీతలు వేసుకోవడం. మనం గోడకి, టైల్స్‌కి దారం కొడతామే, అదే పద్ధతి. తర్వాత చాక్‌పీస్‌తో అక్షరాల ఆకారం గీసుకుని, ఆ తర్వాతే కుంచె పట్టడం.

చేయి తిరిగిన పెయింటర్ తెలుగు వరుసకి రెండు గీతలు కాదు, నాలుగు గీతలు కొట్టేవాడు. నడిమి రెండు గీతల మధ్య అక్షరం ఒళ్లు, పై గీత దాకా గుడులు, కింది గీత దాకా ఒత్తులు. ముందు తెలుగు గీసుకునేవాడు. ఎందుకంటే ఒత్తులు ఎంత దూరం దిగుతాయో తేలాకే ఇంగ్లీషు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. ముందే ఇంగ్లీషు రాసేస్తే మిగిలిన చోట్లో తెలుగుని కూరాల్సి వస్తుంది.

ఆయన చేతిలో ఇంకో వెసులుబాటు ఉండేది. ఒత్తుని సరిగ్గా అక్షరం కిందే దించాలని రూలు లేదు. కొంచెం కుడివైపుకి జరిపి, పక్క అక్షరం కింద ఖాళీ ఉంటే అందులోకి తోస్తే సెల్లార్ లోతు తగ్గుతుంది. గుడి కూడా అంతే, పొడుగ్గా లేపకుండా పక్కకి చుట్టచ్చు. "శ్రీ"ని వరుసలో పెట్టకుండా పై మూలలో విడిగా రాస్తే, అందరికంటే ఎత్తైన ఆ ఒక్క అక్షరం కోసం మొత్తం వరుసని తగ్గించాల్సిన పని ఉండదు. ఇవన్నీ కంటితో చూసి, ఆ పేరుకి తగ్గట్టు చేసుకునే సర్దుబాట్లు. ఒక పేరుకి చేసిన సర్దుబాటు ఇంకో పేరుకి పనికి రాదు.

కుంచె కాలంలో అన్ని బోర్డులూ బాగుండేవని నేను అనను. అక్షరానికి నీడ వేయడం అప్పట్లో పెద్ద ఫ్యాషన్. కుడివైపు, కిందివైపు ఇంకో రంగుతో మందంగా నీడ వేసేవాళ్లు. ఇంగ్లీషు అక్షరం కింద ఖాళీ ఉంటుంది కాబట్టి నీడకి చోటుంటుంది. తెలుగులో అక్షరం కింద ఉండేది ఒత్తు. నీడ పోయి ఆ ఒత్తు మీద పడి, మధ్యలో సందు మూసుకుపోయేది. నీడ ఎంత మందమైతే చదవడం అంత కష్టం. తెలిసినవాళ్లు నీడని సన్నటి గీతగా వేసేవాళ్లు, లేకపోతే తెలుగుకి వేయకుండా ఇంగ్లీషుకి మాత్రమే వేసేవాళ్లు.

ఒక బోర్డు లెక్క

ఇప్పుడు ఒక బోర్డు తీసుకుని కొలతలు వేద్దాం. పేరు నేను ఊరికే పెట్టుకున్నది, "శ్రీ లక్ష్మీ హార్డ్‌వేర్ స్టోర్స్". షట్టర్ పైన 10 అడుగుల పొడవు, 3 అడుగుల ఎత్తు బోర్డు. అంటే ఎత్తు 36 అంగుళాలు. పైనా కిందా 3 అంగుళాలు అంచు వదిలితే 30. అడుగున ఫోన్ నంబరు, ఊరి పేరు కోసం 4 అంగుళాల పట్టీ, దానిపైన 2 అంగుళాల ఖాళీ పోతే 24. తెలుగుకీ ఇంగ్లీషుకీ నడుమ 2 అంగుళాలు వదిలితే అక్షరాలకి మిగిలేది 22 అంగుళాలు.

మొదటి పద్ధతి సమానంగా పంచడం, 11, 11. ఇంగ్లీషు అక్షరం 11 అంగుళాలు నిలబడుతుంది. తెలుగు ఒళ్లు ఐదున్నర. చూసేవాడికి ఇంగ్లీషు రెట్టింపు.

రెండో పద్ధతి తెలుగుకి 15, ఇంగ్లీషుకి 7 ఇవ్వడం. తెలుగు ఒళ్లు ఏడున్నర, ఇంగ్లీషు 7. ఇప్పుడు రెండూ ఇంచుమించు ఒకే సైజులో కనిపిస్తాయి. తెలుగుకి ఆ అరంగుళం ఎక్కువ ఎందుకంటే లోపల చుక్కలు, సందులు ఎక్కువ కాబట్టి.

బోర్డుల పనిలో ఒక మోటు లెక్క ఉంది, అంగుళం ఎత్తు అక్షరం 10 అడుగుల దూరం దాకా హాయిగా చదవచ్చు అని. అది ఇంగ్లీషు అక్షరాల కోసం చెప్పే లెక్క. తెలుగుకి ఒంటి ఎత్తుతో చూసుకోవాలి. మొదటి పద్ధతిలో ఇంగ్లీషు 110 అడుగులు, తెలుగు 55 అడుగులు. రెండో పద్ధతిలో ఇంగ్లీషు 70, తెలుగు 75. రోడ్డు అవతల బస్సు దిగిన మనిషి 70 అడుగుల దూరంలో ఉన్నాడనుకోండి. మొదటి బోర్డు ఇంగ్లీషు వచ్చినవాడికే పనికొస్తుంది. రెండోది ఇద్దరికీ పనికొస్తుంది. సిమెంటు, ఇసుక కోసం వచ్చే మేస్త్రీ ఏ భాష చదువుతాడో షాపు పెట్టేవాళ్లే ఆలోచించుకోవాలి.

ఇంగ్లీషుకి అన్యాయం జరగలేదా అంటే, దాని ఇబ్బంది ఎత్తులో కాదు, పొడవులో ఉంది. ఈ పేరు తెలుగులో 9 అక్షరాలు, శ్రీ, ల, క్ష్మీ, హా, ర్డ్, వే, ర్, స్టో, ర్స్. ఇంగ్లీషులో 24 అక్షరాలు. 10 అడుగులంటే 120 అంగుళాలు, రెండు పక్కలా 4 వదిలితే 112. తెలుగు అక్షరం సందుతో కలిపి సగటున 10 అంగుళాలు పట్టినా 90, మాటల మధ్య మూడు ఖాళీలకి 18, మొత్తం 108. సరిపోయింది. ఇంగ్లీషుని ఐటీఐలో నేర్పినట్టు ఏడుకి నాలుగు చొప్పున రాస్తే అక్షరాలకే 96, సందులూ ఖాళీలూ కలిపితే 112 దాటుతుంది. కాబట్టి వెడల్పు నాలుగు బదులు మూడున్నర చేస్తారు. అప్పుడు 84 అక్షరాలకి, సందులకి ఇంకో 13, మాటల మధ్య 9, మొత్తం 106. ఇంగ్లీషు 11 అంగుళాల ఎత్తుండాలంటే అక్షరాలన్నిటినీ నిలువు పుల్లల్లా నొక్కాల్సిందే, అది కూడా చదవడానికి బాగోదు.

అంటే తెలుగు తక్కువ అక్షరాలు, ఎక్కువ ఎత్తు. ఇంగ్లీషు ఎక్కువ అక్షరాలు, తక్కువ ఎత్తు. రెండింటికీ చెరో రకం చోటు కావాలి, తగువు పెట్టుకోవాల్సిన పనే లేదు. ఇంగ్లీషుని కొంచెం సన్నం చేస్తే తట్టుకుంటుంది. తెలుగుని పక్కల నుంచి నొక్కితే తట్టుకోదు, గుండ్రటి సున్నాలు కోడిగుడ్లయి, లోపలి ఖాళీలు మూసుకుపోతాయి.

గీత మందం కూడా చూడాలి. ఇంగ్లీషు పెద్దక్షరంలో గీత ఎత్తులో ఐదో వంతు ఉన్నా బాగానే ఉంటుంది. తెలుగులో "క్ష" లాంటి అక్షరంలో అదే చోట్లో ఎక్కువ మలుపులు తిరగాలి, కాబట్టి ఒంటి ఎత్తులో ఎనిమిదో వంతు దగ్గర ఆగితే మంచిది. మన బోర్డులో ఏడున్నర అంగుళాల ఒంటికి సుమారు ఒక అంగుళం గీత. ఒత్తులకి ఇంకొంచెం సన్నం. "బాగా కనపడాలి, బోల్డ్ చెయ్యి" అంటే ఇంగ్లీషు కనపడుతుంది, తెలుగు ముద్దవుతుంది.

చట్టం కొలిచేది ఏమిటి

1988లో ఆంధ్రప్రదేశ్ షాపులు, సంస్థల చట్టం వచ్చింది. దాని కింద చేసిన నిబంధనల్లో షాపు పేరు బోర్డు తెలుగులో ఉండాలన్నది ఒకటి. తెలుగు ఉండాలి అనడం వేరు, తెలుగు చదవడానికి వీలుగా ఉండాలి అనడం వేరు. మూల మీద అరచేయంత తెలుగు పెట్టి "ఉంది కదా" అనే బోర్డులు మనందరం చూసినవే.

పక్క రాష్ట్రాలు ఆ రెండోదాన్ని అంకెల్లో పెట్టాలని చూశాయి. తమిళనాడులో తమిళం పైన, మిగతా భాషలు కింద ఉండాలి, తమిళానికి 5, ఇంగ్లీషుకి 3, ఇంకో భాష ఉంటే దానికి 2 వంతులు అన్న నిష్పత్తి ఉంది. కర్ణాటక 2024లో చట్టం సవరించి బోర్డులో 60 శాతం కన్నడం ఉండాలంది. మహారాష్ట్ర 2022 సవరణలో ఇంకో దారి పట్టింది, మరాఠీ అక్షరాల సైజు వేరే లిపి అక్షరాల కంటే చిన్నగా ఉండకూడదంది.

ఈ రెండు దారుల్నీ మన హార్డ్‌వేర్ బోర్డు మీద పెట్టి చూడండి. 60 శాతం అంటే 22 అంగుళాల్లో 13.2 తెలుగుకి. ఒళ్లు 6.6 అంగుళాలు. మిగిలిన 8.8 ఇంగ్లీషుకి. పత్రికల్లో 60 శాతం గొడవ వచ్చినప్పుడు ఇంగ్లీషుని తొక్కేస్తున్నారన్న మాట వినిపించింది. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు, దానికీ ఒత్తులు కిందే ఉంటాయి. ఒత్తులున్న పేరైతే 60 శాతం ఇచ్చినా ఇంగ్లీషు అక్షరమే ఇంకా పెద్దగా కనిపిస్తుంది. నిజంగా సమానం కావాలంటే మూడింట రెండు వంతులు ఇవ్వాలి.

సైజు చిన్నగా ఉండకూడదనే దారిలో చిక్కు టేపు ఎక్కడ పెడతారన్నది. గుడి కొస నుంచి ఒత్తు కొస దాకా కొలిస్తే 11, 11 బోర్డు పాసైపోతుంది. ఒళ్లు కొలిస్తే ఫెయిలవుతుంది. సైటులో బీము లోతు రాసేటప్పుడు స్లాబుతో కలిపా, వదిలేసా అని రాయకపోతే ఎంత గొడవవుతుందో మనకి తెలుసు. ఇదీ అలాంటిదే.

ఫ్లెక్స్ వచ్చాక

2000 దాటాక ఫ్లెక్స్ ఊరూరా వచ్చేసింది. రేకు బోర్డుకి రోజులు పట్టే పని ఒక పూటలో అయిపోయింది, ఖర్చూ తగ్గింది. పెయింటర్లు కొందరు డీటీపీ సెంటర్లు పెట్టుకున్నారు, కొందరు ఇళ్ల పెయింటింగ్‌కి పోయారు, కొందరు మనలాగే గల్ఫ్ విమానం ఎక్కారు. పని చేసేది మారడంతో పాటు పని వరుస కూడా మారింది.

కంప్యూటర్‌లో రెండు వరుసలు టైపు చేసి రెండింటికీ ఒకే పాయింట్ సైజు ఇస్తే సమానం అనిపిస్తుంది. కానీ ఆ సైజులోనే గుడికీ ఒత్తుకీ కూడా చోటు ఇమడాలి కాబట్టి తెలుగు ఒళ్లు చిన్నదిగా వస్తుంది. తర్వాత వరుస నిండలేదని మౌస్‌తో మూల పట్టుకుని పక్కకి లాగుతారు. అడ్డగీతలు ఒక మందం, నిలువుగీతలు ఇంకో మందం అవుతాయి. ఆపైన దేవుడి బొమ్మ, ఓనరు ఫొటో, సిమెంటు కంపెనీ గుర్తు, పైపుల బొమ్మ ఒక్కొక్కటే వస్తాయి. చోటు చాలకపోతే ముందు తగ్గేది ఎత్తు ఎక్కువ కావాల్సిన తెలుగు వరుసే. పెయింటర్ నాలుగు గీతలు కొట్టి ముందే కేటాయించిన చోటు ఇక్కడ చివర్లో మిగిలిందిగా మారింది.

యూనికోడ్ వచ్చాక ఇంకో చిక్కు. "హార్డ్" అని, "వేర్" అని రెండు ముక్కలుగా పలికే మాటని మామూలుగా టైపు చేస్తే వ కూడా ఒత్తుగా మారి "హార్డ్వేర్" అవుతుంది. ర కింద డ ఒత్తు, దాని పక్కన వ ఒత్తు. సెల్లార్ కింద ఇంకో సెల్లార్ అన్నమాట. మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు పెడితేనే "హార్డ్‌వేర్" అని విడిగా నిలబడుతుంది. ఆ గుర్తు ఎక్కడుందో దొరక్కపోతే, సరిగ్గా రాసి ఉన్న చోటి నుంచి ఆ మాట కాపీ చేసుకుంటే చాలు, గుర్తు కూడా దాంతో వచ్చేస్తుంది.

మనం ఉండే గల్ఫ్ ఊళ్లలో ఇది ఇంకో రూపంలో కనిపిస్తుంది. ఇక్కడ షాపు బోర్డు అంటే అరబ్బీ, ఇంగ్లీషు. తెలుగు హోటల్ పెట్టినవాళ్లు మూడో వరుసగా, లేదా అద్దం మీద స్టిక్కర్‌గా తెలుగు వేయిస్తారు. డిజైన్ చేసేవాడికి తెలుగు రాదు. అతని సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల సెట్టింగ్ ఆన్ చేసి లేకపోతే ఒత్తులు ఒత్తులుగా కూర్చోవు. "శ్రీ" కాస్త పొల్లుతో "శ్", పక్కనే "రీ" అయి విడిపోతుంది. అతనికి అది తప్పని తెలిసే దారి లేదు. దీనికి మందు తేలిక. తెలుగు వచ్చినవాళ్ల దగ్గర అక్షరాలు పెట్టించి, వాటిని కర్వ్స్‌గా, అంటే బొమ్మగా మార్చి పంపమనాలి. అప్పుడు అవతల ఏ కంప్యూటర్‌లో తెరిచినా అక్షరం చెదరదు.

రాత్రిపూట మాయమయ్యే తెలుగు

ఇప్పుడు ఊళ్లలో కూడా ఏసీపీ షీటు మీద యాక్రిలిక్ అక్షరాలు, లోపల ఎల్ఈడీ లైట్లు. ఒక్కో అక్షరం లోతున్న డబ్బాలా చేసి, లోపల లైటు మాడ్యూళ్లు అతికిస్తారు. గీత సన్నగా ఉంటే మాడ్యూలు పట్టదు. గీత మందం చేస్తే తెలుగు ముద్దవుతుందని పైనే చూశాం. అదీ కాక ఇంగ్లీషు అక్షరం ఒకే ముక్క. తెలుగులో ఒత్తు వేరే ముక్క, కొన్ని రాతల్లో తలకట్టూ వేరే ముక్క. ప్రతి ముక్కకీ విడిగా వైరు లాగాలి. ముక్కలు పెరిగితే రేటు పెరుగుతుంది. అందుకే చాలామంది ఇంగ్లీషుని వెలిగే అక్షరాల్లో పెట్టి, తెలుగుని కింద స్టిక్కర్‌తో సరిపెడతారు. పగలు రెండు భాషల బోర్డు, రాత్రి ఒకే భాష బోర్డు.

రెండూ వెలిగించినా చూసుకోవాల్సింది ఒకటుంది. నల్లని వెనకభాగం మీద తెల్లగా వెలిగే అక్షరం దూరం నుంచి దాని అసలు మందం కంటే ఉబ్బి కనిపిస్తుంది. లోపలి చుక్కలు, సందులు ఆ వెలుగులో కలిసిపోతాయి. అందుకే తెలుగుకి సులువైన దారి అక్షరాన్ని కాకుండా వెనకభాగాన్ని వెలిగించడం. తెల్లటి లైట్ బాక్స్ మీద ముదురు రంగు అక్షరాలు అయితే ఒత్తుకి విడిగా వైరు అక్కర్లేదు, సందులు మూసుకుపోవు, ఒక మాడ్యూలు పోయినా "లక్ష్మీ" కింద మ ఒత్తు ఆరిపోయి "లక్షీ"గా మారదు.

ఫోన్‌లోనే పరీక్ష

ఇక వాట్సాప్‌లో వచ్చిన డిజైన్ సంగతి. ఫోన్ నిలువుగా పట్టుకుంటే స్క్రీన్ వెడల్పు సుమారు 2.8 అంగుళాలు. 10 అడుగుల బోర్డు బొమ్మ ఆ వెడల్పుకి సరిపోయేలా పెట్టి, జూమ్ చేయకుండా, చేయి చాచి రెండడుగుల దూరంలో పట్టుకోండి. లెక్క కడితే అది అసలు బోర్డుని 85 అడుగుల దూరం నుంచి చూసినట్టు. అంటే దాదాపు రోడ్డు అవతలి నుంచి చూసినట్టే. అప్పుడు ఇంగ్లీషు చదవగలిగి తెలుగు చదవలేకపోతే, షాపు ముందు కూడా అదే జరుగుతుంది. 75 అడుగులకి లెక్క వేసిన మన బోర్డు ఆ దూరంలో కొంచెం కష్టంగా అయినా అందుతుంది. 55 అడుగుల బోర్డు అందదు.

డిజైనర్‌కి ఏం చెప్పాలంటే, "తెలుగు పెద్దది చెయ్యి" అంటే చాలదు. మూల పట్టుకుని లాగేస్తాడు. "ల అక్షరం ఒళ్లు ఎంత, ఇంగ్లీషు అక్షరం ఎత్తు ఎంత, రెండూ అంగుళాల్లో చెప్పు" అని అడగండి. ల ఎందుకంటే దానికి గుడీ లేదు, ఒత్తూ లేదు, టేపు ఎక్కడ పెట్టాలో వాదన ఉండదు. ఆ రెండు అంకెలూ దగ్గర దగ్గరగా ఉన్నాయా, తెలుగు కొంచెం ఎక్కువుందా చూసుకుని, ఆ తర్వాత బొటనవేలు గుర్తు పెట్టండి.